తాళం వేస్తే ఖాళీ చేయించినట్టు కాదు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకు ఉంటున్నాను. మా పక్క పోర్షన్ అక్క ఐదేళ్లుగా నెలనెలా అద్దె కడుతోంది. చదువు కోసం అక్క తమ్ముడి కొడుకు వచ్చి ఉంటున్నాడు. "వేరే వాళ్లకు అద్దెకిచ్చావు" అని ఓనరు, ఆమె పనికి వెళ్లిన పూట తలుపుకు కొత్త తాళం వేశాడు. ఆ రాత్రి పిల్లాడి పుస్తకాలూ, అక్క బీపీ మాత్రలూ లోపలే ఉండిపోయాయి.

ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా అద్దెకున్నవాళ్లు ఇంకొకరికి అద్దెకిస్తే, అంటే సబ్‌లెట్ చేస్తే, అది ఖాళీ చేయించడానికి కారణమే, కాదనను. కానీ సబ్‌లెట్ అంటే ఇల్లు, లేదా అందులో ఒక భాగం, పూర్తిగా ఇంకొకరి చేతికి అప్పగించడం. అక్క అదే ఇంట్లో ఉంది, తాళం చెవి ఆమె దగ్గరే ఉంది, పిల్లాడు రూపాయి ఇవ్వడం లేదు. సరే, అది సబ్‌లెట్టే అనుకుందాం. అప్పుడైనా తేల్చాల్సింది అద్దె ట్రైబ్యునల్, ఓనరు కాదు.

ఇలా ఇంట్లోంచి బలవంతంగా వెళ్లగొట్టబడ్డవాళ్లు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి పొందవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అందులో రాదు. అద్దె పంపిన ఫోన్‌పే వివరాలు, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ల సాక్ష్యం పనికొస్తాయి. ఇది తెలియక చాలామంది సామాన్లు తీసుకుని వెళ్లిపోతున్నారు.

అయ్యా, అద్దె వివాదాలు ఏ ఆఫీసులో, ఏ అధికారికి చెప్పుకోవాలో ప్రతి వార్డు సచివాలయంలో తెలుగులో రాసి పెట్టించండి.

ఇట్లు,
సత్యనారాయణపురం అద్దెదారు