"బాగున్నారా" అని అడగొద్దు చిన్నీ

చిన్నీ,

ఊరికే రాస్తున్నా, ఏదో అయిందనుకుని కంగారు పడకు. 18 రోజులైంది నీ గొంతు విని. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వస్తోంది, దాన్ని చూసి నువ్వు తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది చెప్పు. నాన్న మోకాలు ఇప్పుడు నయం, మెట్లు దిగుతున్నారు, ఎక్కడమే కష్టం. పెద్దోడు మళ్ళీ ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఈసారి నిజంగానే అట. నీ నల్ల బ్యాగు జిప్పు బాగు చేయించుకున్నావా? పోయినసారి పిన్నీసుతో నెట్టుకొచ్చావు, మైకు జారిపడిందంటే కొత్తది నీ జీతంలోంచే కొనాలి.

రాజీ పిన్ని ఏదో అంది. నువ్వు మీ టీవీకి ఇంటర్వ్యూ చేస్తుంటే ఒకావిడ మధ్యలో లేచి లోపలికి వెళ్ళిపోయిందట, ఆఫీసులో నిన్ను ఏదో అన్నారట. నేను అడగట్లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు. రాజీ మాటలు సగం తీసేసి వినాలని నాకూ తెలుసు.

మొన్న అల్మారా సర్దుతుంటే నా పాత రికార్డర్ దొరికింది, ఆ ఇటుకంత బరువున్నది. దాంతో పాటే ఆ వాచ్‌మన్ గారు గుర్తొచ్చారు. ఆయన సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదనుకుంటా. నేను రేడియోలో చేరిన మొదటి ఏడాది అది. ఒక గోడౌన్‌లో మంటలు లేచాయి, లోపల చిక్కుకున్న ముగ్గుర్ని బయటికి తెచ్చింది రాత్రి డ్యూటీలో ఉన్న వాచ్‌మన్. ఆయన్ని మాట్లాడించుకు రమ్మని నన్ను పంపించారు. గేటు దగ్గర కలిశాం, మెట్లెక్కుతూ ఏమైందండీ ఆ రాత్రి అని అడిగా, ఊరికే మాట కలుపుదామని. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పొగ ఏ వైపు నుంచి వచ్చింది, తలుపు పట్టుకుంటే చెయ్యి ఎలా కాలింది, లోపలినుంచి ఎవరో వాచ్‌మన్ అని అరవడం, మొత్తం రెండంతస్తులు ఎక్కేలోపు చెప్పేశాడు. నాకు ఒళ్ళు జలదరించింది. రికార్డర్ మాత్రం సంచిలోనే ఉంది.

పైకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఎదురుగా కూర్చుని, మధ్యలో బల్ల మీద మెషీన్ పెట్టి, మైకు ఆయన మూతి దగ్గర పెట్టి, నవ్వుతూ "టెన్షన్ పడకండి, చాలామంది వింటారు, ఇందాక చెప్పినట్టే చెప్పండి" అన్నా. ఒక్క ముక్కలో మూడు తప్పులు. టెన్షన్ పడకండి అంటే అప్పటిదాకా పడనివాడు కూడా పడతాడు. చాలామంది వింటారంటే ఎదురుగా ఉన్న నన్ను మర్చిపోయి ఆ కనపడని జనానికి చెప్పడం మొదలుపెడతాడు. ఇక ఇందాకటిలాగే అంటే, మనిషి జరిగింది గుర్తు చేసుకోవడం మానేసి ఇందాక ఏమన్నానా అని గుర్తు చేసుకుంటాడు. 14 నిమిషాల టేపులో "అవునండీ", "అంతేనండీ", "సదరు ఘటనాస్థలమందు"... పోలీసులకి రాసిచ్చిన కాగితం అప్పజెప్పినట్టు మాట్లాడాడు పాపం. గొంతు సన్నబడిపోయింది, పెదాలు తడుపుకుంటున్నాడు, కళ్ళు మెషీన్ మీదే. అవన్నీ కనపడుతూనే ఉన్నాయి, ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

నాలుగు రోజులాగి మళ్ళీ వెళ్ళా. ఈసారి ఆయన డ్యూటీ దిగాక, ఆయన ఎక్కడ కూర్చుందామంటే అక్కడ. కుర్చీ పక్కకి తిప్పుకుని, ఇద్దరి మోకాళ్ళూ ఒక మూల వైపు ఉండేలా కూర్చున్నా, అప్పుడు ఆయన నన్ను చూడాలంటే చూడొచ్చు, వద్దనుకుంటే గేటు వైపు చూసుకోవచ్చు. మెషీన్ ఇంకా బయటికి తియ్యలేదు. "నమస్కారమండీ, మొన్న మీ టైమ్ తీసుకుని సరిగ్గా వినలేదు నేను, మళ్ళీ కూర్చున్నందుకు థాంక్స్. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగా. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, ఇక్కడందరూ వాచ్‌మన్ అనే పిలుస్తారమ్మా అని, అప్పుడు తన పేరు చెప్పాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పేరుకి గారు తగిలించకుండా పిలవలేదు నేను.

తర్వాత పద్ధతిగా చెప్పా. అరగంట పడుతుంది, అందులోంచి నాలుగైదు నిమిషాలే వేస్తాం, ఏ ప్రశ్నయినా వద్దంటే వద్దనండి, తడబడితే ఆగి మళ్ళీ చెప్పండి, ఆ తడబాటు వెయ్యను అని. ఆయన అడిగాడు, మా సేటుకి తెలుస్తుందా అని. ఇక్కడ నోరు జారడం చాలా తేలిక చిన్నీ. ఏం కాదులెండి అనేస్తే మనిషి కుదుటపడతాడు, మన పనీ అయిపోతుంది. కానీ ఆ మాట నా చేతిలో ఉన్నది కాదు కదా. పేరు వద్దంటే వెయ్యను, గొంతు మాత్రం గుర్తుపట్టే వాళ్ళు గుర్తుపడతారు అని చెప్పా. చాలాసేపు ఆలోచించుకుని, పేరు వద్దు, గొంతు పర్లేదు అన్నాడు. నువ్వు కూడా ఎవరికైనా సరే, వేసేముందు చూపిస్తానని, మీకు మేలు జరుగుతుందని, నీ చేతిలో లేనివి ఒప్పుకోకు. అలా కుదుటపరిచిన ధైర్యం వార్త బయటికొచ్చిన పొద్దున్న విరిగిపోతుంది, ఆ మనిషి మళ్ళీ ఏ రిపోర్టరుతోనూ మాట్లాడడు.

అప్పుడు మెషీన్ తీసి పక్కన పెట్టి, దీని మొహం చూడక్కర్లేదు, నాతో మాట్లాడండి చాలు అన్నా. మైకులో గొంతు లెవెల్ చూసుకోవడానికి ఏదో ఒకటి అడగాలి కదా, మామూలుగా అందరం పొద్దున్న ఏం తిన్నారనే అడుగుతాం. ఆయన చేతిలో తాళాల గుత్తి ఉంది, వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు, గలగలమని మైకులో పడుతోంది. ఇన్ని తాళాల్లో ఏది దేనిదో చీకట్లో ఎలా తెలుస్తుందండీ అన్నా. అంతే. కళ్ళు మూసుకుని చూపించడం మొదలుపెట్టాడు, ఇది వెనక షట్టరుది, పళ్ళు అరిగిపోయాయి చూడండి, ఇది కరెంటు గదిది, దీనికి దారం కట్టా, కాదమ్మా అటు కాదు ఇలా పట్టుకోవాలి అని నా చెయ్యి సరిచేశాడు కూడా. నిన్ను సరిదిద్దుతున్నాడంటే మనిషి తేరుకున్నట్టే లెక్క, అది గుర్తుపెట్టుకో. గొంతు కిందికి దిగింది, గుత్తి ఒళ్ళో పెట్టేశాడు. ఒక తాళం దగ్గర ఆగి "ఆ రోజు రాత్రి ఇదే దొరకలేదమ్మా" అన్నాడు. నేను ఒక్క ప్రశ్న వెయ్యలేదు, మంటల దగ్గరికి ఆయనే నడిచొచ్చాడు. అయినా నిజం చెప్పాలంటే మెట్ల మీద చెప్పినంత రాలేదు. మొదటిసారి చెప్పినప్పుడు వచ్చేది మళ్ళీ రాదు. అందుకే ఎవరైనా నడుస్తూ అసలు సంగతి మొదలుపెడితే మెల్లిగా ఆపు, "ఆగండాగండి, ఇది కూర్చుని వింటాను" అను, ఏమీ అనుకోరు.

మీ టీవీ వాళ్ళకి ఇంకా తొందరెక్కువ, లైట్లూ, లోగో పట్టుకున్న చెయ్యీ, కెమెరామన్ రెడీయా అని అరుపులూ. కాలర్ మైక్ పెట్టేముందు ఇది ఎందుకో చెప్పి వాళ్ళ చేతికే ఇవ్వు, వాళ్ళే పెట్టుకుంటారు. లైవ్ అయితే మొదటి ప్రశ్న ఒక్కటీ ముందే చెప్పెయ్, మిగతావి వద్దు, మొదటి జవాబు దాటితే ఊపిరి దానంతట అదే కుదురుకుంటుంది. అది కూడా వాళ్ళకి ఖాయంగా తెలిసిన ప్రశ్న అవ్వాలి, ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు లాంటిది. పదవుల్లో ఉన్నవాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు, వాళ్ళకి రోజూ అలవాటే, వాళ్ళని మరీ కుదుటపరిస్తే నీ ప్రశ్నే మెత్తబడుతుంది. ఇంకోటి, పేదవాళ్ళు కనపడగానే నువ్వు అనడం మీ వాళ్ళకి అలవాటైపోయింది. పదిహేనేళ్ళ పిల్లాడినైనా మొదటి మాట మీరు అనే అను, వాడు వద్దంటే అప్పుడు చూద్దాం.

సరే, దాచడమెందుకు. రాజీ పిన్ని మాట అనడమే కాదు, ఆ వీడియో ముక్క కూడా పంపింది. 40 సెకన్లుంది. ఎన్నిసార్లు చూశానో చెప్పను. కట్టుకున్నవాడు పోయి తొమ్మిది రోజులైన మనిషి ఆవిడ. నువ్వు గబగబా వచ్చి కూర్చుని, నవ్వు మొహంతో "నమస్తే ఆంటీ, బాగున్నారా?" అన్నావు.

నువ్వు కావాలని అన్లేదు, నాకు తెలుసు. మనకి నమస్తే వెనకాలే బాగున్నారా తోసుకొచ్చేస్తుంది, నోటికి అలవాటు. మామూలు రోజుల్లో దానికెవరూ జవాబు కూడా ఆలోచించరు. కానీ ఆవిడ ఆలోచించింది. వీడియో ఆపి చూడు, నువ్వడిగాక ఆవిడ నోరు తెరిచి మూసింది. బాగున్నాను అంటే పోయినాయనకి ద్రోహం, బాగాలేను అంటే మైకు ముందు ఏడవాలి. రెండో ప్రశ్నకి లేచిపోయిందని అందరూ అంటున్నారు గానీ ఆవిడ మొదటిదానికే లేచిపోయింది చిన్నీ, ఒంటికి కాసేపు పట్టిందంతే. ఇంకా ఆంటీ ఏంటి, ముందు ఎప్పుడైనా చూశావా ఆవిడని?

అలాంటి చోట నవ్వొద్దు, ఏడుపు మొహమూ వద్దు, కెమెరా గుమ్మం బయటే ఉంచి ఒక్కదానివే లోపలికెళ్ళు. నమస్కారమండీ, నా పేరు ఇది, ఫలానా చోట పనిచేస్తా, మీ ఆయన గురించి విని వచ్చాను, ఆయన పేరు పలుకు, చాలా బాధగా ఉంది అని ఆగు. ఆగడం నీకు కష్టం, చిన్నప్పటి నుంచీ అంతే, మౌనం వస్తే ఏదో ఒకటి నింపేస్తావు. లోపల ఐదు లెక్కపెట్టుకో. తర్వాత, ఇప్పుడు మాట్లాడటం మీకు వీలవుతుందా, ఇంకో రోజు రమ్మన్నా వస్తాను అని అడుగు, ఊరికే అడగడం కాదు, వద్దంటే నిజంగా లేచి రావాలి. సరేనంటే మొదట చావు గురించి కాదు, ఆయన ఏం పని చేసేవారు, ఇంట్లో ఎక్కడ కూర్చునేవారు, అక్కడ మొదలుపెట్టు. కన్నీళ్ళొస్తే రానీ, ఆపమంటారా అని అడుగు, నీ అంతట నువ్వు ఆపెయ్యకు.

ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళు. కెమెరా లేకుండా, ఇంటర్వ్యూ కోసం కాదు. ఆ రోజు అలా అడిగి ఉండకూడదండీ అని చెప్పి వచ్చెయ్.

చూశావా, అడగనంటూనే రెండు కాగితాలు రాసేశా. నిద్ర పోతున్నావా అసలు, వీడియోలో కళ్ళ కింద నల్లగా ఉంది, అది లైటు వల్ల అని చెప్పకు, లైట్ల సంగతి నాకూ తెలుసు. ఆదివారం ఫోన్ చెయ్యి. ఎలా ఉన్నావని అడగనులే. బ్యాగు జిప్పు సంగతి అడుగుతా.

అమ్మ