ప్రశ్న తప్పైతే అందరికీ మార్కులు కలిపేస్తే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

పరీక్షల సీజన్లో పేపర్లో తరచూ ఒక వార్త కనపడుతుంది, ఫలానా ప్రశ్నలో తప్పు దొర్లింది కాబట్టి అటెంప్ట్ చేసిన వాళ్ళందరికీ మార్కులు కలుపుతాం అని. వార్త అక్కడితో అయిపోతుంది. ఆ తప్పేంటో, అది ఎలా బయటపడిందో, కష్టపడి రాసినవాడికీ ఊరికే నంబర్ వేసి వదిలేసినవాడికీ ఒకే మార్కు ఎందుకో ఎవరూ చెప్పరు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను, ఇరవై ఏళ్ళుగా పేపర్లు సెట్ చేస్తున్నా, దిద్దుతున్నా. ఈ మధ్య మా అన్నయ్య కూతురు "అత్తా, మా సార్ ఏం మెయిల్ పెట్టారో చూడు" అని ఫోన్ చేతిలో పెట్టింది. అది చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

తను ఇంజనీరింగ్ రెండో ఏడు. డిస్క్రీట్ మ్యాథ్స్ మిడ్ పరీక్ష, మూడు ప్రశ్నలు, ఒక్కోటి 10 మార్కులు. మొదటి ప్రశ్న కండిషనల్స్ మీద, అంటే "ఇలా అయితే అలా" అనే వాక్యాలు. పేపర్ ఇంగ్లీషులోనే ఉంది గానీ తెలుగులో చెప్తే మూడు వాక్యాలు ఇచ్చారు: ఫీజు కడితే హాల్ టికెట్ వస్తుంది, పరీక్ష రాశాడంటే హాల్ టికెట్ ఉన్నట్టే, రవి పరీక్ష రాశాడు. కాబట్టి రవి ఫీజు కట్టాడని నిరూపించండి, ఇదీ ప్రశ్న.

పైపైన చదివితే ఏ తప్పూ కనపడదు, నాకూ మొదటిసారి కనపడలేదు. సార్ అనుకున్న వాక్యం "ఫీజు కడితేనే హాల్ టికెట్ వస్తుంది". టైపింగ్‌లో "ఓన్లీ" అన్న ఒక్క మాట ఎగిరిపోయింది. మన తెలుగులో అయితే "కడితేనే"లో ఆ చివరి "నే" పోయినట్టు. "ఇలా అయితే అలా" అనేదాన్ని లాజిక్‌లో బాణంతో రాస్తాం, ఆ "నే" పోతే ఆ బాణం దిశే మారిపోతుంది. ఫీజు కట్టడాన్ని F, హాల్ టికెట్ ఉండటాన్ని H, పరీక్ష రాయడాన్ని W అనుకుంటే, అనుకున్నదీ అచ్చైందీ ఇవి:

```
అనుకున్నది:  H → F,  W → H,  W   కాబట్టి F
అచ్చైంది:    F → H,  W → H,  W   కాబట్టి F
```

మొదటిది సాఫీగా వెళ్ళిపోతుంది. పరీక్ష రాశాడు కాబట్టి టికెట్ ఉంది, టికెట్ ఉంది కాబట్టి ఫీజు కట్టాడు. రెండోదాంట్లో టికెట్ ఉందనేదాకా వస్తాం, అక్కడ ఆగిపోతాం. ఫీజు కట్టినవాళ్ళకి టికెట్ వస్తుందన్నారు గానీ కట్టనివాళ్ళకి రాదని ఎక్కడా అనలేదు. ఫీజు మినహాయింపు ఉన్న పిల్లాడు కట్టకుండానే టికెట్ తీసుకుని పరీక్ష రాయొచ్చు, అప్పుడు ఇచ్చిన మూడు వాక్యాలూ నిజమే, రవి కట్టాడన్నది మాత్రం అబద్ధం. F, H, W ఒక్కోటి నిజమో అబద్ధమో అనుకుంటూ అన్ని రకాలుగా వేసి చూసే ట్రూత్ టేబుల్‌లో 8 వరసలుంటాయి, వాటిలో మూడు వాక్యాలూ నిజమయ్యేవి రెండే, రెంటిలోనూ W, H నిజం, ఒకదాంట్లో F నిజం ఇంకోదాంట్లో అబద్ధం. ఆ రెండో వరస ఒక్కటి చాలు, అచ్చైన ప్రశ్నని ఎవ్వరూ నిరూపించలేరని తేల్చడానికి.

ఇది బయటపడింది ఒక పిల్ల రాసిన పేపర్ వల్ల. ఆ అమ్మాయి "ఇది నిరూపించడం కుదరదు" అని రాసి కింద ఆ వరస వేసింది. సార్ తన ఆన్సర్ కీ చూసుకుంటూ దిద్దుతున్నారు కాబట్టి ముందు 4 మార్కులు వేసి పేజీ తిప్పేశారట, తర్వాత ఆ వరస ఎందుకో మనసులో ఆగి వెనక్కి వచ్చి ప్రశ్నపత్రం తీసి చదువుకున్నారట. ఇది ఆయనే మెయిల్లో రాశారు. "తప్పు నాది, మీరు రాసినదాంట్లో లేదు" అన్న వాక్యం మెయిల్ మొదట్లోనే ఉంది, దాని కింద అచ్చైన ప్రశ్న, అనుకున్న ప్రశ్న పక్కపక్కన పెట్టి, నేను పైన చెప్పిన వరస కూడా ఇచ్చారు.

ఆ తర్వాత మార్కుల సంగతి, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. పాత లెక్కలో వాక్యాల్ని గుర్తుల్లోకి మార్చినందుకు 4, H దాకా వచ్చినందుకు 3, అక్కణ్ణుంచి F కి వెళ్ళినందుకు 3. అందరికీ ఒక 10 పడేసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. ఆయన పేపర్లన్నీ మళ్ళీ తీసి ఎవరేం రాశారో చూశారు. కుదరదని చెప్పి వరస చూపించినవాళ్ళకి 10. అచ్చైనదాన్ని ఉన్నదున్నట్టు గుర్తుల్లోకి మార్చి, H దాకా వచ్చి, అక్కడ ఆగిపోయినవాళ్ళకి కూడా 10, ఎందుకంటే ఆ ప్రశ్నలో సరిగ్గా చెయ్యగలిగింది అంతే, వాళ్ళు అంతా చేశారు. "కడితేనే" అని చదువుకుని పూర్తిగా నిరూపించినవాళ్ళకీ 10. దీని మీద కొందరు పిల్లలు గొడవ పడ్డారట, అచ్చులో లేనిది ఊహించుకుని రాస్తే ఎలా ఇస్తారని. నేను సార్ వైపే. క్లాసులో ఆయన ఇదే ఉదాహరణ "ఓన్లీ"తో చెప్పి ఉన్నారు, పైగా మామూలు మాటల్లో మనమూ అలాగే వింటాం, "అన్నం తింటే టీవీ పెడతా" అని అమ్మ అంటే తినకపోతే పెట్టదనే ఏ పిల్లాడైనా అర్థం చేసుకుంటాడు. లాజిక్‌లో అది చెల్లదు, ఉన్న మాటే తీసుకోవాలి, కానీ పొరపాటు పేపర్‌దైనప్పుడు ఆ చదువుకోవడాన్ని తప్పు పట్టలేం.

చిక్కంతా నాలుగో రకంతో. గుర్తులు సరిగ్గానే రాశారు, H దాకా వచ్చారు, అక్కణ్ణుంచి F → H ని తలకిందులుగా వాడేసి F అని దిగిపోయారు. టికెట్ ఉంది కాబట్టి ఫీజు కట్టినట్టే అన్నమాట. ఈ చాప్టర్ మొత్తంలో చెయ్యకూడని తప్పు ఇదే. కానీ వాళ్ళని అటు నెట్టింది ప్రశ్నే కదా, నిరూపించండి అని పేపర్లో ఉంటే ఎక్కడో దారి ఉంటుందని నమ్మి దూకారు. ఆయన 7 ఇచ్చారు, ఆ చివరి అడుగుకి మాత్రం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో రెండు వాక్యాల్లో చెప్పి, ఇంకో దారి కూడా ఇచ్చారు: ఈ ప్రశ్న వదిలేసి మిగతా రెండింటి 20 ని 30 కి పెంచి చూస్తాను, రెండు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది వేస్తాను, దేంట్లోనూ ఇప్పుడున్న మార్కు తగ్గదు అని.

దీన్ని అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. ఒక పిల్లాడికి మిగతా రెంటిలో 20 కి 15, మొదటిదాంట్లో 7, మొత్తం 22. పెంచి చూస్తే 22.5, అదే వేస్తారు. ఇంకొకడు మొదటి ప్రశ్న ముట్టుకోలేదు, మిగతావాటిలో 14, పాత లెక్కలో వాడి మొత్తం 14 మాత్రమే, పెంచితే 21. తప్పు ప్రశ్నని వదిలేసినందుకు నష్టపోలేదు, అలాగని రాయనిదానికి ఉచితంగా 10 కూడా రాలేదు. అందరికీ 10 కలిపి ఉంటే వీడికి 24 వచ్చేది, కష్టపడి H దాకా వచ్చి ఆగినవాడికి మిగతా రెంటిలో 13 ఉంటే 23 వచ్చేది, అంటే రాయనివాడు ముందుకి వెళ్ళిపోయేవాడు.

ఇంత జాగ్రత్తలోనూ ఒకటి తప్పిపోయింది, అది టైము. మా మేనకోడలు H దగ్గర ఆగిపోయిన బాపతు. తను చదివినదే తప్పేమోనని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది, ఆ పేజీ నాకు చూపించింది, పైనుంచి కిందకి అడ్డగీతలే. మూడో ప్రశ్నకి వచ్చేసరికి పది నిమిషాలు మిగిలాయట, దాంట్లో 5 వచ్చాయి. మొదటిదానికి 10 వచ్చినా ఆ పోయిన టైము ఏ లెక్కలోకీ రాలేదు. 20 ని 30 కి పెంచినా లాభం లేదు, ఆ 20 లోనే దెబ్బ ఉంది కాబట్టి. తనే ఈ మాట మెయిల్లో అడిగింది. రెండ్రోజులకి రెండో మెయిల్ వచ్చింది, మొదటి ప్రశ్న దగ్గర చిక్కుకుని వేరేది సగంలో వదిలినవాళ్ళు ట్యుటోరియల్ క్లాసులో దాని బదులు అదే పాఠంలోంచి ఇంకో ప్రశ్న రాయొచ్చు, ఎక్కువ వచ్చింది తీసుకుంటాను అని. రాసింది, 5 కాస్తా 8 అయింది.

పెద్ద పరీక్షల్లో ఇదంతా కుదరదని నాకు తెలుసు. లక్షల మంది రాసే ఆబ్జెక్టివ్ పేపర్లో ఎవరు ఎక్కడ ఆగారో కనపడదు, నెగటివ్ మార్కులు ఉన్నచోట బాగా తెలిసినవాడే అనుమానంతో వదిలేసి ఉండొచ్చు. 2017 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో తప్పు ప్రశ్నలకి అందరికీ 18 మార్కులు కలిపితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కౌన్సెలింగ్ కొన్ని రోజులు ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడ అందరికీ కలపడం తప్ప గత్యంతరం లేదంటే ఒప్పుకుంటా. కానీ చేత్తో రాసే జవాబులు, ఒక్కో పేపర్ ఒక మనిషి చదివి దిద్దే డిగ్రీ, ఇంజనీరింగ్ పరీక్షల్లో కూడా "అటెంప్ట్ చేస్తే ఫుల్ మార్కులు" అని ఒక్క లైను సర్క్యులర్‌తో సరిపెట్టడం నాకు మింగుడు పడట్లేదు. ప్రశ్న నంబర్ వేసినా అటెంప్టే, అరగంట కుస్తీ పట్టినా అటెంప్టే.

అసలు ఇలాంటి తప్పు అచ్చు కాకముందే పట్టుకోవచ్చు, పెద్ద పని కూడా కాదు. పేపర్ సెట్ చేసేవాళ్ళు తాము ఆన్సర్ కీ రాసుకున్న కాగితం చూడకుండా పక్కన పెట్టేసి, అచ్చుకి వెళ్ళే కాగితం మీద చూసి పని చెయ్యాలి. ముగింపు అబద్ధం అనుకుని మొదలుపెట్టి ఇచ్చిన వాక్యాలన్నీ నిజం చెయ్యగలమా అని చూడాలి. ఇక్కడ F అబద్ధం అనుకోండి. F → H వెంటనే నిజమైపోతుంది, కట్టనివాడి గురించి ఆ వాక్యం ఏమీ చెప్పట్లేదు కాబట్టి. W నిజం అన్నారు, దాంతో H నిజం అవ్వాలి, అయింది. ఎక్కడా అడ్డు తగల్లేదు, అంటే ప్రశ్న తప్పు. అసలు అనుకున్న ప్రశ్నతో చేస్తే H → F దగ్గర అడ్డు తగులుతుంది, H నిజం F అబద్ధం కాబట్టి, అంటే అది మంచి ప్రశ్న. రెండు నిమిషాల పని. నేనూ ఇన్నేళ్ళూ కీ చూసుకునే సరిచూశాను, ఈ సెమిస్టర్ నుంచి అచ్చు కాపీ చూసి చేస్తున్నా.

యూనివర్సిటీల వాళ్ళని ఒకటి అడుగుతున్నా, ప్రశ్న తప్పని ఒప్పుకున్న ప్రతిసారీ అచ్చైన ప్రశ్న, ఉండాల్సిన ప్రశ్న, ఏ రకం జవాబుకి ఎంత వేస్తున్నారో వెబ్‌సైట్లో పెట్టండి, రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టే లోపే పెట్టండి. మీ పేపర్ని కూడా అడుగుతున్నా సార్, ఈసారి అలాంటి వార్త వేసినప్పుడు మార్కులు కలిపారని మాత్రమే కాకుండా ఆ ప్రశ్న కూడా పూర్తిగా వెయ్యండి, చదివే పిల్లలు, చెప్పే మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లెక్కల లెక్చరర్,
గుంటూరు