ఇరవై నిమిషాల మిర్చిని ఐదు నిమిషాల సంచిలో కట్టడం

గుంటూరు, అరండల్‌పేట
ఆదివారం రాత్రి

ఏరా మావా,

మిర్చి ఆరబెట్టడం మీద నీ ప్రసంగం కాగితాలు అందాయి. రెండుసార్లు చదివాను. రెండోసారి పైకి చదువుతూ గడియారం పెట్టుకున్నాను. దాదాపు రెండు వేల మాటలు, సరిగ్గా ఇరవై నిమిషాలు, అంటే నిమిషానికి వంద మాటలు. విజయవాడ సభ వాళ్ళు ఇచ్చింది ఐదు నిమిషాలే కాబట్టి లెక్క ప్రకారం ఐదు వందల మాటలు. కానీ నువ్వు రాయాల్సింది నాలుగు వందల యాభై. మైకు సర్దుకోవడానికి, జనం నవ్వితే ఆగడానికి, గొంతు తడుపుకోవడానికి ఓ అర నిమిషం పోతుంది. ఐదు వందలూ రాసుకెళితే చివరి యాభై మాటలు బెల్లు మోగాక పరిగెత్తుకుంటూ చదవాలి. నువ్వు చెప్పదలుచుకున్న అసలు సంగతి ఉండేది ఆ యాభైలోనే.

ముందు ఒక పని మానెయ్. కాగితం మీద అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం కొట్టేస్తూ పోవడం. నీ రాతలో "చేయడం జరుగుతుంది", "ఒక విధంగా చెప్పాలంటే", "అనేటటువంటి" లాంటివి బోలెడున్నాయి, అవన్నీ తీసేసినా పదిలో ఒక వంతు తగ్గుతుంది, మహా అయితే ఇంకాస్త. నీకు తగ్గాల్సింది నాలుగులో మూడు వంతులు. కొట్టివేతలతో అక్కడిదాకా వెళ్ళాలని చూస్తే ప్రతి భాగం నుంచీ తలా కొంచెం లాగేస్తావు. ఎనిమిది విషయాలూ మిగులుతాయి, ఒక్కటీ అర్థం కాదు.

కాగితాలు పక్కన పెట్టి, చూడకుండా, నీ వాదం ఏంటో ఇంట్లో ఎవరికైనా చెప్పు. అందులో ఒక "కాబట్టి" ఉండి తీరాలి. "మిర్చి శుభ్రంగా ఆరబెట్టాలి" అన్నది సలహా. దానికి ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరికీ గుర్తూ ఉండదు. నీ కాగితాల్లో నాకు దొరికిన వాదం ఇది: "మిర్చికి బూజు విషం చాలావరకు కల్లంలో, సరిగా ఆరకముందే పడుతుంది. ఒకసారి పడ్డ విషాన్ని కోల్డ్ స్టోరేజీ తీసెయ్యలేదు. కాబట్టి పెట్టే డబ్బు ముందు కల్లానికి పెట్టాలి, తర్వాతే స్టోరేజీకి." మూడు లంకెలు. మధ్య లంకె తెగితే మొదటిదానికీ చివరిదానికీ సంబంధం ఉండదు. పొట్టి ప్రసంగాల్లో మామూలుగా పోయేది ఈ మధ్య లంకే. మాట్లాడేవాడికి అది తెలిసిన సంగతి కనుక చెప్పనవసరం లేదనిపిస్తుంది. వినేవాడికేమో చల్లగా పెడితే సరుకు బాగుంటుందనే నమ్మకం బలంగా ఉంటుంది.

ఇప్పుడు పాత కాగితాలు తీసి, పెన్సిలుతో ప్రతి పేరా పక్కనా అది ఏ లంకెకి పనికొస్తుందో రాయి: ఒకటి, రెండు, మూడు. దేనికీ రాకపోతే ఇంటూ పెట్టు. నేను పెట్టి చూశాను. పెద్దలకు నమస్కారాలు, గుంటూరు కారం ఘనత మూడు నిమిషాలు, ఇంటూ. పోర్చుగీసువాళ్ళు మిరప తెచ్చిన చరిత్ర రెండు నిమిషాలు, ఇంటూ. తేజ, సన్నం, లాం ఫారం రకాల గురించి మూడు నిమిషాలు, ఇంటూ. అది బాగా రాశావు, కొట్టేయడానికి చేయి రాదు, అయినా సరే. కల్లం గురించి నాలుగు నిమిషాలు, ఒకటి. కోల్డ్ స్టోరేజీల మీద మూడు నిమిషాల్లో ఒక నిమిషం మాత్రమే రెండుకి పనికొస్తుంది, మిగతాది వాటి అద్దెలు, టిక్కీ సంచుల లెక్కలు. ఎగుమతుల మీద రెండు నిమిషాల్లో ఒక్క అంకె కావాలి. పరిష్కారాలు రెండు నిమిషాలు, మూడు. ధన్యవాదాలు ఒక నిమిషం, ఇంటూ. ఒక్క వాక్యం కూడా కుదించకుండానే ఇరవై నిమిషాలు ఏడెనిమిదికి దిగింది చూడు.

అక్కడి నుంచి ఐదుకి తేవడానికి పాత కాగితం ముట్టుకోకు. కొత్త కాగితం తీసుకుని మూడు లంకెల నుంచి మళ్ళీ రాయి. నేనైతే మాటల్ని ఇలా పంచుతాను: మొదలు నలభై, కల్లం నూట ముప్పై, స్టోరేజీ వంద, ఎగుమతి అంకె నలభై, ఎదురు ప్రశ్న తొంభై, చివర నువ్వు అడిగేది యాభై. కల్లానికి ఎక్కువ ఇచ్చింది ఎందుకంటే జనం కళ్ళకి కట్టాల్సింది అక్కడే.

నీ పాత వాక్యం ఇది: "ముఖ్యంగా చెప్పవలసిన విషయం ఏమిటంటే, మన రైతు సోదరులు కోసిన కాయలను నేల మీద పరచడం జరుగుతుంది, ఈ విధంగా పరచడం వల్ల రాత్రిపూట మంచు పడటం, నేలలోని తేమ కాయకు చేరడం జరుగుతుంది, తద్వారా బూజు వృద్ధి చెందే అవకాశం ఉంటుంది." దీన్ని ఇలా మార్చొచ్చు: "కోసిన కాయ నేల మీద ఆరుతుంది. పగలు ఎండ తడిని లాగుతుంది. రాత్రి మంచూ, నేల చెమ్మా మళ్ళీ ఎక్కిస్తాయి. ఆ లాగుడుకీ ఎక్కుడుకీ మధ్య బూజు పడుతుంది." ఇందులో తగ్గినవి పదో పన్నెండో మాటలే. అసలు లాభం వేరే: వాక్యం చివరిదాకా ఆగకుండా వినేవాడు వెంట రాగలడు. ఇంకా బిగిద్దామని "పగటి ఎండ, రాత్రి మంచు వల్ల బూజు" అన్నావనుకో, మాటలు మిగులుతాయి కానీ చెవికి అందదు. కాగితం చదివేవాడు వెనక్కి వెళ్ళి చదువుకుంటాడు, సభలో కూర్చున్నవాడికి ఆ వీలుండదు. ఇరవై నిమిషాల ప్రసంగంలో నిమిషానికి ఎంత సరుకు పట్టిందో, ఐదు నిమిషాల్లోనూ అంతే పట్టాలి. నీ వాదాన్ని మొదట్లో ఒకసారి, చివర ఇంకోసారి అవే మాటలతో చెప్పడానికి కూడా చోటు ఉంచుకో, అది వృథా కాదు.

అంకెల సంగతి. నీ స్క్రిప్టులో పద్నాలుగు ఉన్నాయి, లెక్కపెట్టాను. ఒకటి ఉంచు. యూరప్‌కి వెళ్ళే మిర్చిలో బూజు విషాలు, అదే అఫ్లాటాక్సిన్లు, అన్నీ కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదన్న నియమం రాశావు కదా, అదే ఉంచు. కానీ ఆ రూపంలో చెబితే ఎవరికీ ఎక్కదు. లెక్క వేసి చూడు: పది టన్నుల లారీ సరుకు మొత్తానికి గ్రాములో పదో వంతు. "లారీడు మిర్చికి గ్రాములో పదో వంతు విషం దాటితే వెనక్కి పంపొచ్చు" అన్నావనుకో, స్లైడు అక్కర్లేదు. కాయలో తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా ఆరాలన్న అంకె కూడా మంచిదే. దాన్ని జేబులో పెట్టుకో, ఎవరైనా అడిగితే బయటికి తీద్దువుగాని.

కొట్టేసేటప్పుడు జరిగే తప్పులు రెండు, కంటికి కనపడవు. మొదటిది, అనాథ మాటలు. "అఫ్లాటాక్సిన్ అంటే బూజు తయారుచేసే విషం" అని నువ్వు రకాల భాగంలో చెప్పావు, ఆ భాగం పోయింది. ఎగుమతి దగ్గర ఆ మాట హఠాత్తుగా ఊడిపడుతుంది. అలాగే "ఇందాక అనుకున్నట్టు", "పైన చెప్పిన మూడు కారణాలు" లాంటివి. కొత్త కాగితం అయ్యాక ప్రతి పారిభాషిక పదం దగ్గరా, ప్రతి "ఆ", "ఈ" దగ్గరా ఆగి, అది దేన్ని చూపిస్తోందో వెనక్కి వెతుకు. దొరక్కపోతే ఆ మాట అనాథే. "బూజు విషం" అనేసి అఫ్లాటాక్సిన్ అన్న పేరు ఒక్కసారే చెప్పడం నయం.

రెండోది, "చాలావరకు" లాంటి మాటలు. తూకంలో చిన్నవి, తీసెయ్యాలనిపిస్తుంది. కానీ "విషం కల్లంలోనే పుడుతుంది" అన్నావంటే అది అబద్ధం. పొలంలో కాయ పండేటప్పుడూ బూజు సోకవచ్చు, తడి టిక్కీలు కడితే నిల్వలోనూ పెరగొచ్చు. సభలో లాం ఫారం శాస్త్రవేత్త ఒక్కరున్నా ఆ ఒక్క మాట పట్టుకుంటారు, మిగతా నాలుగున్నర నిమిషాలూ గాలికి పోతాయి. విశేషణాలు కొట్టెయ్, హద్దులు చెప్పే మాటలు ఉంచు.

ఎదురు ప్రశ్నకి తొంభై మాటలా అని నువ్వు అడుగుతావు. అక్కర్లేదనుకుని అందరూ తీసేసేది అదే. నీ వాదం వినగానే ముందు వరుసలో కూర్చున్న రైతుకి ఒకటే తడుతుంది: టార్పాలిన్ పట్టాలు కొని, సిమెంటు కల్లం కట్టి ఆరబెడితే యార్డులో రేటు పెంచుతారా? దానికి జవాబు లేకపోతే అతను నువ్వు చెప్పేది వినడం మానేసి, ఆ ప్రశ్నే నెమరేసుకుంటూ కూర్చుంటాడు. నీ స్క్రిప్టులో జవాబుంది, పంతొమ్మిదో నిమిషంలో దాక్కుంది: ఖర్చు ఒక్కో రైతు మీద వేయకుండా ఊరికి ఉమ్మడి కల్లాలు కట్టించాలని. దాన్ని ముందుకి లాగు. చివర్లో నువ్వు అడిగేది కూడా అదే కావాలి, ఆ ఒక్కటే. సోలార్ డ్రయ్యర్లు, శిక్షణ తరగతులు, బీమా వేరే రోజుకి. కాయలు విరక్కుండా సంచికెత్తే ముందు నీళ్లు చల్లడం గురించి రాశావే, అది నిజమైన సమస్యే, కానీ అది ఇంకో వాదం. ఇందులోకి లాగితే జనానికి తప్పు కల్లానిదా, రైతుదా అన్న అయోమయం వస్తుంది.

మొదలు గురించి ఒక్క మాట. "వేదికనలంకరించిన పెద్దలకు" అని ఒక్కొక్కరి పేరూ చదివితే ఐదులో ఒక నిమిషం హరీ. "సభకు నమస్కారం" అని నేరుగా కల్లంలోకి వెళ్ళిపో. పెద్దలు నొచ్చుకుంటారనిపిస్తే దిగివచ్చాక ఎదురుగా వెళ్ళి పలకరించు.

రాశాక మిరపతో సంబంధం లేని మనిషికి ఒకసారి వినిపించు. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, అప్పుడు అడుగు: నేనేమన్నాను అని. "మిర్చి శుభ్రంగా ఆరబెట్టాలన్నావు" అంటే మధ్య లంకె అందలేదు, స్టోరేజీ భాగం తిరగరాయి. "కోల్డ్ స్టోరేజీలు పనికిరావన్నావు" అంటే అదే భాగం మోతాదు మించింది. చలి బూజు పెరగకుండా ఆపుతుంది అన్న వాక్యం పోయినట్టుంది, వెనక్కి పెట్టు. "స్టోరేజీకంటే ముందు కల్లం చూసుకోవాలి, ఎందుకంటే తర్వాత తీసెయ్యలేం" అంటే సరిపోయింది.

ఆ తర్వాత నిలబడి, మామూలు వేగంతో, ఫోన్లో టైము పెట్టుకుని మూడుసార్లు చదువు. కూర్చుని మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ టైమే చూపిస్తుంది, దాన్ని నమ్మకు. ఎగుమతి అంకె ఉన్న పేరా చుట్టూ ఎర్ర గీత గియ్. ఎదురు ప్రశ్న మొదలుపెట్టేసరికి నీకు మూడున్నర నిమిషాలు దాటిపోయేలా ఉంటే ఆ పేరా వదిలేసి దూకెయ్. అది లేకపోయినా మూడు లంకెలూ నిలబడతాయి, అందుకే దాన్ని ఎంచాను.

కొత్త కాగితం గురువారంలోగా పంపు, నేను గడియారం పెట్టి చదువుతాను. రకాల మీద నువ్వు రాసిన ఆ మూడు నిమిషాలు పారెయ్యకు, నాకు కావాలి.

నీ
మావ