జీమెయిల్ ఖాతా తీసేసే ముందు

అందరికీ నమస్కారం. ఇంట్లో అందరూ వాడే ఫోన్‌లో మీ పాత జీమెయిల్ ఉందా? దాన్ని డిలీట్ చేయాలనుకుంటే ముందు అన్ని చోట్లా లాగౌట్ అవ్వండి. లేదంటే ఇబ్బంది ఆ ఫోన్ వాడేవాళ్లకే.

మా అమ్మ ఫోన్‌లో నా పాత ఖాతానే ఉండేది. అమ్మ సేవ్ చేసిన నంబర్లన్నీ, పాలవాడి దగ్గర్నుంచి పిన్ని దాకా, అందులోకే వెళ్లాయి. ఖాతా తీస్తే అవీ పోతాయి. అందుకే ముందుగా కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఆ .vcf ఫైల్‌ను అమ్మ సొంత ఖాతాలోకి ఇంపోర్ట్ చేశాను.

తర్వాత myaccount.google.com లో సెక్యూరిటీ కింద "Your devices" తెరవండి. ఒకే ఫోన్ పేరు రెండుమూడు సార్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి వేర్వేరు సెషన్లు. ఒక్కొక్కటీ తెరిచి సైనౌట్ చేయండి. మీరు గుర్తుపట్టని ఫోన్ కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

ఇక అసలు ఫోన్. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి ఆ ఖాతాను రిమూవ్ చేయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆ ఖాతా ఫోన్‌లో ఉండగానే డిలీట్ చేశారనుకోండి, రేపు ఫోన్ హ్యాంగై బటన్లతో రీసెట్ చేయాల్సి వస్తే, పాత జీమెయిల్ పాస్‌వర్డో స్క్రీన్ లాకో అడుగుతుంది. ఖాతానే లేదు, లాక్ కూడా గుర్తులేకపోతే ఫోన్ అక్కడే ఆగిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే డిలీట్ నొక్కండి. రిమూవ్ దగ్గర ఎవరికైనా టెన్షన్‌గా ఉంటే స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.