ఆదివారం మ్యాచ్: చూసే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. మన అండర్-14 పిల్లల మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆదివారం ఉదయం 8కి. పిల్లల్ని 7:15 కల్లా కోర్టు దగ్గర దింపండి.

బాస్కెట్‌బాల్ ఎప్పుడూ చూడనివాళ్లు విజిల్ వినగానే రిఫరీ చెయ్యి చూడండి. పిడికిలి బిగించి పైకెత్తితే ఫౌల్, అంటే నెట్టడం, పట్టుకోవడం, చేతి మీద కొట్టడం లాంటివి. షాట్ వేస్తుండగా ఫౌల్ అయి బంతి బుట్టలో పడకపోతే 2 ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు, 3 పాయింట్ల గీత బయటి నుంచైతే 3. పడితే ఆ పాయింట్లతో పాటు ఒక ఫ్రీ త్రో. ఒకే ఆటగాడికి 5 ఫౌల్‌లు అయితే ఇక ఆడటానికి లేదు.

అరచెయ్యి తెరిచి ఎత్తి, తర్వాత రెండు పిడికిళ్లూ గిరగిరా తిప్పితే ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని పాదాలు తప్పుగా కదపడం. నిలబడి బంతి అందుకున్నవాడు ఒక పాదం నేలకు ఆనించి, రెండోది ఎటైనా తిప్పొచ్చు. డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ ఆడటం, మొదలుపెట్టాలంటే బంతి చేతిలోంచి వదిలాకే ఆనించిన పాదం లేవాలి. మన పిల్లలకు ఎక్కువగా పడేది ఇదే. బంతి అవతలి జట్టుకు పోతుంది, అంతే. ఫౌల్ లెక్కలోకి రాదు.

షాట్ క్లాక్, అంటే బంతి దొరికిన జట్టు షాట్ వేయడానికి ఉండే గడువు, 24 సెకన్లు. ఆలోపు బంతి చెయ్యి దాటాలి, ఆ తర్వాత రింగుకు తగలాలి. గాల్లో ఉండగా బజర్ మోగినా, బుట్టలో పడితే పాయింట్లు వస్తాయి. రింగుకు తగిలి బయటికొచ్చిన బంతి మళ్లీ మనకే దొరికితే 14 సెకన్లు ఇస్తారు.

గ్యాలరీ నుంచి “షూట్, షూట్” అని అరవకండి, పిల్లలు కంగారుపడతారు. నీళ్ల సీసా, అదనపు సాక్సులు మర్చిపోవద్దు. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి.