నీ పేరాలో ఆ "మరోవైపు"

వాసూ,

ఫ్రెంచ్ విప్లవం మీద లెఫెవ్ర్, కాబన్ అనే ఇద్దరు చరిత్రకారుల్ని పోలుస్తూ నువ్వు రాసిన పేరా ఫోటో రాత్రే చూశాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మాటల్లో చెబితే సగం గాలికి పోతుందని తీరిగ్గా రాస్తున్నాను. టెన్షన్ పడకు, అసైన్‌మెంట్‌కి ఇంకా వారం ఉంది.

నువ్వు రాసినదాంట్లో తప్పు లేదురా. లెఫెవ్ర్ ఫ్రెంచ్ విప్లవాన్ని బూర్జువాల గెలుపుగా చూశాడని మూడు వాక్యాలు, కాబన్ కాదన్నాడని మూడు వాక్యాలు, మధ్యలో "మరోవైపు". ఆ ఒక్క మాటా తీసేసి చూడు. రెండు ముక్కలూ దేనికది హాయిగా నిలబడతాయి, ఒకదానికి రెండోదాని అవసరమే లేదు. ఎంఏలో నా పేరాకి కూడా ఒక మాస్టారు మార్జిన్‌లో "పోలిక ఎక్కడ?" అని ఎర్ర సిరాతో రాసిచ్చారు. సారాంశాలు రెండు రాసి పోలిక అనుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇద్దరూ ఎదురుపడే చోటు ఒకటి వెతుక్కోవాలి. ఈ ఇద్దరి విషయంలో అది 1789 నాటి మూడో ఎస్టేట్ ప్రతినిధులు, అంటే మతాధికారులూ ప్రభువంశాలూ కాని సామాన్య జనం తరఫున సభకి వచ్చినవాళ్లు. లెఫెవ్ర్ 1939లో, విప్లవానికి 150 ఏళ్లయిన సందర్భంలో రాసిన పుస్తకంలో అంటాడు కదా: డబ్బూ, చదువూ, వ్యవహారమూ బూర్జువాల చేతికి వచ్చేశాయి, చట్టమూ హోదా మాత్రం ఇంకా ప్రభువర్గం దగ్గరే ఉన్నాయి, 1789 ఆ తేడాని సరిచేసింది అని. కాబన్ 1954లో లండన్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆ ప్రతినిధులు బతుకుతెరువుకి ఏం చేసేవాళ్లో లెక్క తీశాడు. వర్తకులు, కర్మాగారాల యజమానులు, ఫైనాన్స్ వాళ్లు అంతా కలిపి నూటికి 13 మందే. మూడింట రెండు వంతుల దాకా లాయర్లు, కొలువులు ఉన్నవాళ్లు. ఆ కొలువులు మన సర్కారు ఉద్యోగాల్లాంటివి కావు. ఒక చిన్న కోర్టులో జడ్జి పదవి కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఆ తర్వాత దాన్ని పొలంలా అమ్ముకోవచ్చు, కొడుక్కి రాసివ్వచ్చు. అలాంటివాళ్లు పెట్టుబడిదారీ విధానం కోసం విప్లవం చేశారంటే ఎలా నమ్మేది అంటాడు కాబన్.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కాబన్ తర్వాత వచ్చాడు, అంకెలు తెచ్చాడు, కాబట్టి గెలిచాడు అని రాసేస్తారు. నువ్వూ చివరి వాక్యంలో ఆ పనే చేశావు. కానీ బూర్జువాల్లో లాయర్లు, కొలువుదారులు ఉన్నారని లెఫెవ్ర్‌కి తెలియక కాదు, ఆ పుస్తకంలో ఆయనే చెప్పాడు. ఆయనకి బూర్జువా అంటే ప్రభువంశంలో పుట్టని, ఆస్తీ చదువూ ఉన్న జనమంతా. కాబన్‌కి ముఖ్యంగా పెట్టుబడి తిప్పేవాడు. గొడవ అంకె మీద కాదు, మాట మీద. నాకు ఈ ఘట్టమంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. ఒక్క మాటకి అర్థం మారితే విప్లవం మొత్తం మరో రంగులో కనబడుతుంది.

నేనైతే ఇలా రాస్తాను, చూడు:

"1789 ప్రతినిధుల్లో అత్యధికులు లాయర్లు, కొలువుదారులే. దీనికి అర్థం చెప్పడంలోనే లెఫెవ్ర్, కాబన్ విడిపోయారు. ఆస్తీ చదువూ ఉన్న సామాన్యులందరినీ బూర్జువా అన్న లెఫెవ్ర్‌కి వీళ్లు ఎదుగుతున్న వర్గానికి ప్రతినిధులు. ఆ మాటని పెట్టుబడితో ముడిపెట్టిన కాబన్‌కి, వర్తక పరిశ్రమల వాళ్లు 13 శాతమే ఉన్న సభ పెట్టుబడిదారీ విప్లవానికి సాక్ష్యం కాలేదు. అయితే ప్రతినిధుల వృత్తి వాళ్లెవరో చెబుతుంది గానీ, వాళ్లు చేసిన చట్టాల వల్ల ఎవరు లాభపడ్డారో చెప్పదు. కాబన్ లెక్క లెఫెవ్ర్ వాదంలో మొదటి సగాన్నే కదిలించగలదు."

ఇందులో ఏ వాక్యం తీసినా పక్కది కుంటుతుంది. నీ పేరాకి కూడా అదే పరీక్ష పెట్టు. చివరి రెండు వాక్యాల్లో ఉన్నది నా తీర్పు. నీకు వేరేలా తోస్తే వేరేలా రాయి, కానీ తీర్పు ఆ అంకె ఎంతవరకు చెప్పగలదో దాని మీదే ఉండాలి.

పదవుల ధరలు పడిపోయి ఆ కొలువుదారులు రగిలిపోయారని కాబన్ అన్నదీ, చాలా పదవుల ధరలు నిజానికి పెరిగాయని తర్వాత విలియం డాయిల్ చూపించినదీ ఈ పేరాలోకి తేకు. మూడో మనిషి వస్తే ఈ చిన్న పేరా మొయ్యలేదు. రైతుల సంగతి కూడా వదిలెయ్. 1789 ఆగస్టు 4 రాత్రి సభ ఫ్యూడల్ హక్కుల మీద చెయ్యి వేసింది పల్లెల్లో ప్రభువుల భవనాలు తగలబడుతున్న భయంతోనే అన్నదాంట్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా లేని చోట పోల్చడానికి ఏముంటుంది?

తిరగరాసి ఆదివారం లోపు పంపు. అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

నీ
రవి