ఇంటర్వ్యూ ఒక్కటే ఆధారమా?

సంపాదకులకు,

ఉపాధ్యాయ అస్తిత్వంపై, అంటే టీచర్లు తమను తాము ఎలాంటి టీచర్లుగా చూసుకుంటారన్న దానిపై, వచ్చిన కొత్త పుస్తకానికి మీ పత్రిక వేసిన సమీక్ష చదివాను. అధ్యాయాల సారాంశం చక్కగా ఉంది. కానీ రచయిత ఆధారాలు ఎలా సేకరించారన్నది సమీక్షలో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు.

‘పిల్లల చేత మాట్లాడించే టీచర్‌ని నేను’ అని ఒక శిక్షణార్థి ఇంటర్వ్యూలో చెప్పారనుకుందాం. అది ఆమె కోరుకుంటున్న అస్తిత్వం. తరగతిలో ఎలా ఉన్నారో తెలియాలంటే ఆమె పాఠం రికార్డింగ్ పది నిమిషాలు వినాలి. ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో గడియారం పెట్టి చూడాలి. ఆ విరామం 3 సెకన్లకు పెరిగితే పిల్లల జవాబులు పొడవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. మన శిక్షణార్థి సెకనుకే జవాబు తానే చెప్పేస్తుంటే ఆమె అబద్ధమాడారని కాదు. నిశ్శబ్దం అంటే ఉన్న భయం, సిలబస్ తొందర ఆమెను అటు నెడుతుండవచ్చు. అస్తిత్వం గురించి రాసే పుస్తకం తవ్వవలసింది సరిగ్గా ఆ ఎడాన్నే.

ఇంటర్వ్యూ చేసిందెవరన్నదీ ముఖ్యమే. మార్కులు వేసే పర్యవేక్షకులే అడిగితే, శిక్షణలో విన్న మాటలే తిరిగి వినిపిస్తాయి. అందరి జవాబుల్లోనూ ఒకే పదజాలం కనిపిస్తే అనుమానించాలి. ఇక, ఒక్కసారి మాట్లాడించి ‘అస్తిత్వం మారింది’ అనడం కుదరదు. శిక్షణ మొదట్లో, చివర్లో, ఉద్యోగంలో ఏడాది గడిచాక కూడా అడగాలి.

ఈ వివరాలతో ఒక పేరా జోడించమని సమీక్షకులను కోరండి.

– ఒక ఉపాధ్యాయ శిక్షకురాలు